బయాస్ మార్చాక బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంటే

సమస్య: బయాస్ అప్‌డేట్ చేశారు, లేదా ప్రాసెసర్ మార్చారు. మళ్లీ ఆన్ చేయగానే విండోస్‌కు బదులు నీలి తెర వచ్చి, 48 అంకెల రికవరీ కీ ఇమ్మంటోంది. నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే అని చాలామంది కంగారు పడతారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ తనంతట తానే డ్రైవ్‌కు తాళం వేస్తుంది. డిస్క్ పాడవలేదు, వైరస్ రాలేదు.

కారణం: తాళంచెవి టీపీఎం అనే చిప్‌లో ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అయ్యే క్రమంలో బయాస్, సెక్యూర్ బూట్, బూట్ లోడర్ వంటి వాటి కొలతలను ఈ చిప్ నమోదు చేసుకుంటుంది. అవి తాళం వేసిన నాటి కొలతలతో సరిపోలితేనే తాళంచెవి ఇస్తుంది. సెక్యూర్ బూట్ ఆపేసినా కొలత మారుతుంది. అలా మార్చింది మీరా, దొంగా అన్నది చిప్‌కు తెలియదు. మదర్‌బోర్డు మారిస్తే చిప్పే కొత్తది, అందులో పాత తాళంచెవి ఉండదు.

రైజెన్ ప్రాసెసర్ల విషయంలో ఇంకో చిక్కుంది. వాటిలో టీపీఎం సాధారణంగా ప్రాసెసర్‌లో భాగంగానే పనిచేస్తుంది, దాన్నే fTPM అంటారు. ప్రాసెసర్ మార్చాక fTPM రీసెట్ చేయడానికి Y, వద్దనుకుంటే N నొక్కమని బోర్డు అడుగుతుంది. రికవరీ కీ చేతిలో లేకుండా Y నొక్కకండి. N నొక్కి, పాత ప్రాసెసర్ తిరిగి బిగిస్తే మామూలుగా తెరుచుకునే అవకాశం ఉంటుంది.

పరిష్కారం: ముందుగా మార్చిన సెట్టింగును యథాస్థితికి తెచ్చి చూడండి. సెక్యూర్ బూట్ ఆపి ఉంటే ఆన్ చేయగానే చాలాసార్లు సమస్య పోతుంది. పోకపోతే ఫోనులో aka.ms/myrecoverykey తెరిచి, ఆ కంప్యూటర్‌కు వాడిన అకౌంట్‌తోనే లాగిన్ అవ్వండి. అక్కడ రెండు మూడు కీలు కనిపిస్తే, నీలి తెర మీది కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో పోల్చి సరైనది తీసుకోండి. ఆఫీసు కంప్యూటరైతే కీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. కాగితం మీద రాసుకున్న కీలో ఏదైనా అంకె అనుమానంగా ఉంటే ఒక చిట్కా: ప్రతి ఆరంకెల గుంపూ 11తో శేషం లేకుండా భాగించబడాలి.

కీ ఇచ్చి లోపలికి వెళ్లాక కూడా ప్రతిసారీ అడుగుతుంటే, చిప్‌లో ఇంకా పాత కొలతలే ఉన్నాయన్నమాట. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో రక్షణను ఆపి, మళ్లీ మొదలుపెట్టండి. అప్పుడు కొత్త కొలతలకు తాళం పడుతుంది:

```
manage-bde -protectors -disable C:
manage-bde -protectors -enable C:
```

ఈసారి బయాస్ జోలికి వెళ్లే ముందే మొదటి ఆదేశం ఇస్తే, ఒక రీస్టార్ట్ వరకు రక్షణ ఆగి, ఆ తర్వాత దానంతటదే తిరిగి మొదలవుతుంది. డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది.

కీ ఎక్కడా దొరకకపోతే డ్రైవ్‌ను చెరిపి విండోస్ మళ్లీ వేసుకోవడమే మార్గం, ఫైళ్లు పోతాయి. డబ్బిస్తే తెరుస్తామనేవారిని నమ్మకండి. మైక్రోసాఫ్ట్ సపోర్ట్ కూడా కొత్త కీ తయారుచేసి ఇవ్వలేదు.