వైర్‌లెస్ కెమెరా పాఠాలు – 3: బ్యాటరీ మూడు వారాలకే ఎందుకు అయిపోతోంది?

పోయిన పాఠంలో కెమెరాని ఎంత ఎత్తులో, ఏ కోణంలో బిగించాలో చూశాం. ఈసారి బ్యాటరీ సంగతి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అక్కావాళ్ల ఇంటి ముందున్న కెమెరానే ఉదాహరణగా తీసుకుందాం. డబ్బా మీద ఆరు నెలలు అని రాసుంది, జనవరిలో మూడు వారాలకే ఆగిపోయింది. బ్యాటరీ పాడైంది, కొత్తది కొనేస్తాను అన్నారు బావగారు. కొనేముందు ఒక్క లెక్క వేద్దాం ఆగండి అన్నాను.

ఈ కెమెరాలు రోజంతా నిద్రలోనే ఉంటాయి. వేడి కదలికను పట్టే చిన్న సెన్సర్ ఒక్కటే మేలుకుని ఉంటుంది, దాని ఖర్చు చాలా తక్కువ. అది లేపితే కెమెరా లేచి, వీడియో తీసి, వైఫైలో పంపి మళ్లీ పడుకుంటుంది. అసలు ఖర్చంతా ఆ లేచి ఉన్న సమయానిదే. లెక్క కోసం బ్యాటరీ 5000 ఎంఏహెచ్ అనుకుందాం, నిద్రలో 1 మిల్లీయాంప్, మెలకువలో 250. ఒక్కోసారి 25 సెకన్లు మేలుకుంటూ రోజుకి 10 సార్లు లేస్తే మొత్తం 41 ఎంఏహెచ్ పోతుంది, అంటే నాలుగు నెలలు వస్తుంది. అదే రోజుకి 90 సార్లు లేస్తే 180 పోతుంది, నాలుగు వారాలే. బ్యాటరీ అదే, కెమెరా అదే.

కాబట్టి మొదటి పరీక్ష ఇది. యాప్‌లో మోషన్ డిటెక్షన్ 24 గంటలు ఆపేయండి, ఆ రోజు లైవ్ కూడా తెరిచి చూడకండి. ముందు, తర్వాత బ్యాటరీ శాతం రాసుకోండి. అక్కావాళ్లింట్లో అంతకుముందు రోజుకి 5 శాతం తగ్గేది, ఆ రోజు ఒకటే తగ్గింది. అంటే బ్యాటరీకి రోగం లేదు, లేపేవాళ్లు ఎక్కువయ్యారు. ఆపేసినా అంతే వేగంగా పడిపోతుంటే మాత్రం వైఫైనో బ్యాటరీనో అనుమానించాలి.

ఎవరు లేపుతున్నారో క్లిప్పులే చెప్తాయి. ఇక్కడ సగం క్లిప్పుల్లో రోడ్డు మీద కార్లు. చలికాలంలో వెనకున్నదంతా చల్లగా ఉంటుంది కాబట్టి వేడెక్కిన కారు ఇంజిన్ సెన్సర్‌కి దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇంకొన్ని క్లిప్పుల్లో ఎవరూ లేరు, ఖాళీ మెట్లు, అవన్నీ సాయంత్రాలే. అక్క బట్టలు డ్రయ్యర్‌లో వేసే టైమ్ అది, దాని వేడిగాలి గొట్టం మెట్ల పక్కనే బయటికి వస్తుంది!

బావగారు అప్పటికే యాప్‌లో, కెమెరా పట్టించుకోవాల్సిన జోన్ నుంచి రోడ్డుని తీసేశారు. అయినా లాభం లేకపోయింది. ఎందుకంటే చాలా మోడళ్లలో కెమెరా ముందు లేచి చూసి, జోన్‌లో కాదని తేలాకే వదిలేస్తుంది. మీకు అలర్ట్ రాదు, కానీ బ్యాటరీ పోతుంది. అందుకే కెమెరానే కిందికి వంచి, గొట్టం ఉన్న వైపు నుంచి కాస్త పక్కకి తిప్పి, సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గించాం. రోజుకి 90 సార్లు లేచేది కాస్తా 18 అయింది.

రెండోది వైఫై. సిగ్నల్ బలహీనంగా ఉంటే అదే క్లిప్పు మళ్లీ మళ్లీ పంపాల్సి వచ్చి, 25 సెకన్ల పని 35 అవుతుంది. పైన వేసిన 90 సార్ల లెక్కలో దీంతో నాలుగు వారాలు మూడుకి దిగుతాయి. ఫోన్ పట్టుకుని అక్కడ నిలబడి చూస్తే సరిపోదు, కెమెరా సెట్టింగ్స్‌లో RSSI అని ఉండే అంకె చూడండి. మైనస్ 60 దగ్గరుంటే హాయి, మైనస్ 75 దాటితే కష్టం. ఇక్కడ మైనస్ 78 ఉంది, రౌటర్ బేస్‌మెంట్‌లో ఉంది మరి. దాన్ని ముందుగదిలోకి మారిస్తే మైనస్ 62కి వచ్చింది.

చలి సంగతి వేరు, అది చార్జిని తినేయదు, బయటికి రానివ్వదు. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది, కెమెరా లేచిన క్షణంలో వోల్టేజ్ కుంగిపోతుంది, చార్జి మిగిలుండగానే ఆగిపోవచ్చు. తెలుసుకోవడం సులువే, బ్యాటరీ తీసి రెండు గంటలు ఇంట్లో ఉంచండి. మాకు బయట 31 శాతం చూపించింది, వెచ్చబడ్డాక 40 చూపించింది. కానీ బయటి నుంచి తేగానే చార్జింగ్ పెట్టొద్దు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. చాలా కెమెరాలు ఆ చలిలో చార్జింగే తీసుకోవు, సోలార్ ప్యానెల్ పెట్టినా జనవరి ఉదయాల్లో శాతం పెరగకపోవడానికి ఇదొక కారణం.

ఇక ఈ వారం పని. మూడు రోజులు ఒకే టైమ్‌కి బ్యాటరీ శాతం, క్లిప్పుల సంఖ్య, RSSI, బయటి ఉష్ణోగ్రత నాలుగూ రాయండి. నాలుగో రోజు ఒక్కటే మార్చండి, కోణమో రౌటరో, రెండూ ఒకేసారి వద్దు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. 4వ పాఠంలో ఆ కాగితం పట్టుకునే సోలార్ ప్యానెల్ అవసరమో కాదో తేలుద్దాం.