కోపంగా వచ్చిన మెయిలుకు జవాబు – 4వ పాఠం: గడువు దాటిన మర్నాడు

పోయిన పాఠంలో ఒక మెయిలు ఇచ్చి, అందులో అసలు ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో ఏరమన్నాను. ఎక్కువమంది అయిదారు రాసుకుని ఉంటారు. నా లెక్కలో మూడే. మెయిలు మళ్లీ ఇస్తున్నాను. అసలుది ఇంగ్లీషులో ఉంది, ఇది దాని తెలుగు. మీరు జవాబు ఏ భాషలో రాసినా వరస మాత్రం ఇదే.

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌కు, హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కట్టే సంస్థ పర్చేజ్ మేనేజర్ శనివారం ఉదయం పదకొండుకు రాశాడు:

"శుక్రవారానికి రాయి సైటులో ఉంటుందని రాసిచ్చారు. ఇవాళ శనివారం. రాయీ లేదు, ఫోనూ ఎత్తరు. మేస్త్రీలూ హెల్పర్లూ పద్నాలుగు మంది ఖాళీగా కూర్చున్నారు. వీళ్ల కూలి ఎవరిస్తారు? ఇలాగైతే మీతో ఇదే ఆఖరి ఆర్డరు."

రాయి ఎప్పుడొస్తుంది, ఎందుకు చెప్పలేదు, కూలి సంగతేంటి. ఇవే ఆ మూడు. "ఆఖరి ఆర్డరు" అన్నది ప్రశ్న కాదు. దానికి జవాబివ్వకూడదు. "దయచేసి అలా అనకండి, మనది అయిదేళ్ల సంబంధం" అని రాశారంటే, అతను కోపంలో అన్నమాటను మీరే ఖాయం చేసి అతని చేతిలో పెట్టినట్టు.

ఇప్పుడు యూనిట్‌లో ఏం జరిగిందో చూద్దాం. ఆర్డరు లాబీ ఫ్లోరింగుకు: 2 అడుగులు × 2 అడుగుల గెలాక్సీ అనే నల్ల గ్రానైటు పలకలు 900, అంటే 3,600 చదరపు అడుగులు, 20 మి.మీ. మందం. 620 పలకలు బుధవారానికే తయారయ్యాయి. మిగిలిన 280 రెండో బ్లాకులోంచి వచ్చాయి, వాటిలో బంగారు చుక్క పలుచగా ఉంది. గెలాక్సీకి ఆ చుక్కే ప్రాణం. పక్కపక్కన పరిస్తే నేల మీద అతుకేసిన చీరలా కనిపిస్తుంది. ఓనరు వాటిని పక్కన పెట్టించి మూడో బ్లాకును కోతకు ఎక్కించాడు. సరైన నిర్ణయమే. తప్పల్లా ఆ సంగతి బుధవారమే హైదరాబాదుకు చెప్పకపోవడం. పైగా రెండు లారీల బాడుగ ఎందుకని, తయారైన 620 కూడా యార్డులోనే ఆపేశారు.

ఆఫీసులో మెయిళ్లు చూసే కుర్రాడు నాకు చూపించిన చిత్తుప్రతి ఇది: "అనివార్య కారణాల వల్ల ఆలస్యం జరిగింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. వీలైనంత త్వరగా పంపుతాము."

"ఆలస్యం జరిగిందా, మనం చేశామా?" అని అడిగాను. నవ్వాడు. "జరిగింది" అంటే వాన పడ్డట్టు దానంతటదే వచ్చిపడిందని. అవతలివాడికి అక్కడే ఒళ్లు మండుతుంది. తెలుగులో ఈ "జరిగింది", ఇంగ్లీషులో దాని కర్మణి ప్రయోగం, రెండూ తప్పు చేసినవాడిని వాక్యంలోంచి మాయం చేస్తాయి. "అనివార్య కారణాలు" అంటే కారణం చెప్పనని అర్థం. "వీలైనంత త్వరగా" అనేది తేదీ కాదు, దాన్ని పట్టుకుని మేస్త్రీలను రమ్మనలేం, వద్దనలేం.

ఇక పని. జవాబు ఒకటి కాదు, రెండు. మొదటిది అరగంటలో పోవాలి. అప్పటికి మీ దగ్గర సమాచారం ఉండదు, ఉండనక్కర్లేదు. దానిలో ఇచ్చే మాట ఒక్కటే, అసలు జవాబు ఎన్ని గంటలకు వస్తుందో. ఇదిగో:

"మీ మెయిలు చూశాను. రాయి శుక్రవారం చేర్చలేదు, చేర్చలేమని ముందే చెప్పనూ లేదు. రెండూ మా తప్పే. ఎప్పుడు చేరుతుందో యార్డులో లెక్క చూసి మధ్యాహ్నం 3 గంటల లోపు రాస్తాను. ఈలోగా ఫోను చేస్తే నేనే ఎత్తుతాను, నా నంబరు కింద ఉంది."

ఇందులో తేదీ లేదు, కారణమూ లేదు. కావాలనే పెట్టలేదు. ఆ వేడిలో నోటికొచ్చిన తేదీ రాసి, అదీ తప్పితే ఇక మీరు రాసే ఏ మెయిలునూ నమ్మరు. పై అధికారిని సీసీలో పెట్టి ఉంటే "రిప్లై ఆల్"లోనే పంపండి. సీసీ తీసేస్తే దాస్తున్నారనుకుంటారు. సబ్జెక్టు లైను కూడా మార్చకండి.

మూడింటి లోపు చేయాల్సింది తేదీ కట్టడం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సూపర్‌వైజరును "ఎప్పటికవుద్ది?" అని అడిగితే "సోమారానికి అయిపోద్దిలే అన్నా" అంటాడు. అబద్ధం చెప్పడు పాపం, తన మిషను పని ఎప్పటికి అయిపోతుందో అదే చెబుతాడు. అందుకని రాయి వెంట మనమే నడవాలి, ఒక్కో చోట ఆగి అడగాలి. మూడో బ్లాకు స్లాబులు శనివారం ఉదయం కోత మిషను దిగాయి. పాలిష్ లైను ఆదివారం ఒక్క షిఫ్టే నడుస్తుంది, కాబట్టి పాలిష్ అయ్యేది సోమవారం మధ్యాహ్నం. పలకలుగా కోసి అంచులు సరిచేసేసరికి మంగళవారం మధ్యాహ్నం. ఆ తర్వాత పలకలను నేల మీద పరిచి చుక్క సరిచూసి, చెక్క పెట్టెల్లో సర్దాలి. కుర్రాడి లెక్కలో ఈ పరిచి చూసే పనే లేదు. ఈ గొడవంతా వచ్చిందే దాని కోసం. అది సాయంత్రం నాలుగు దాకా పడుతుంది.

లారీ మంగళవారం ఆరింటికి కదిలితే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీదుగా బరువుతో ఎనిమిది, తొమ్మిది గంటలు, బుధవారం తెల్లవారక ముందే సైటు. కానీ పగలు భారీ లారీలను హైదరాబాదు ఊళ్లోకి రానివ్వరు. నాలుగు గంటలు ఆలస్యంగా కదిలిందనుకోండి, తెల్లవారేసరికి ఊరి బయట ఆగి, బుధవారం రాత్రికి గానీ లోపలికి పోదు. నాలుగు గంటల జాప్యం ఇంచుమించు ఒక రోజు మింగుతుంది. అందుకే లెక్కకు బుధవారం తేలినా మెయిల్లో గురువారం ఉదయం అని రాయించాను. ఓనరు "ఏందయ్యా, ఇంకో రోజు దూరం జరిపావ్" అన్నాడు. రెండోసారి తప్పే తేదీ కంటే ఒక రోజు దూరంగా ఉన్న తేదీకే తిట్లు తక్కువ.

మరి గురువారం దాకా మేస్త్రీలు? ఇక్కడే 620 పలకలు ఆదుకున్నాయి. 20 మి.మీ. గెలాక్సీ చదరపు అడుగుకు సుమారు అయిదున్నర కిలోలు. 620 పలకలంటే 2,480 చదరపు అడుగులు, పదమూడున్నర టన్నుల పైచిలుకు. ఒక లారీకి సరిపడా లోడే. శనివారం సాయంత్రం కదిలితే ఆదివారం తెల్లవారుజామున సైటులో దిగుతుంది. పద్నాలుగు మందంటే ఏడు జతలు. జతకు రోజుకు వంద చదరపు అడుగులు అనుకున్నా, సోమవారం మొదలుపెడితే మూడున్నర రోజుల పని. గురువారం మధ్యాహ్నం దాకా ఎవరూ ఖాళీగా కూర్చోరు. రెండో లారీ బాడుగ పడితే పడింది.

కూలి ప్రశ్న దగ్గర చెయ్యి జాగ్రత్త. "మీ నష్టమంతా మేమే భరిస్తాం" అని మంచితనంతో రాసేవాళ్లున్నారు. మెయిలు రాతపూర్వక సాక్ష్యం. ముందు ఆర్డరు కాగితం తీసి చూడండి. ఇక్కడ అందులో ఆలస్యానికి వారానికి అర శాతం కోత అని ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో పరిహారం మొత్తం ముందే రాసుకుంటే, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే వస్తుంది. ఆ హద్దును మన చేత్తో మనమే చెరిపేసుకోకూడదు. అలాగని ఆ ప్రశ్నను మింగేయనూ కూడదు. ఆ అర శాతాన్ని వాళ్లు అడగక ముందే బిల్లులో తగ్గిస్తామని రాయాలి. మిగతాది ఓనరు మాట్లాడాల్సింది. ఆఫీసు కుర్రాడికి ఆ అధికారం లేదు.

రెండున్నరకు పోయిన మెయిలు:

"620 పలకలు ఈ సాయంత్రం 6 గంటలకు లోడవుతాయి. ఆదివారం తెల్లవారుజామున సైటులో దిగుతాయి. లారీ నంబరు, డ్రైవరు ఫోను కదిలే ముందు పంపుతాను. మిగిలిన 280 గురువారం ఉదయానికి చేరతాయి. రెండో లారీ బాడుగ మాదే.

రెండో బ్లాకులో చుక్క పలుచగా ఉన్నందున ఆ 280 పలకలు పక్కన పెట్టి, వేరే బ్లాకు కోస్తున్నాం. ఇది మాకు బుధవారమే తెలుసు. అప్పుడే మీకు చెప్పి ఉంటే మేస్త్రీలను ఆపుకునేవారు. చెప్పకపోవడం మా తప్పు.

మూడో బ్లాకు నమూనా పలకలు రెండు ఇవాళ్టి లారీలోనే వస్తున్నాయి. మొదటి లాటు పక్కన పెట్టి చూడండి. నచ్చకపోతే ఆదివారమే చెప్పండి.

ఆర్డరులో ఉన్న ఆలస్యపు కోతను బిల్లులో మేమే తగ్గిస్తాం. శనివారం కూలి విషయం మా ఓనరు ఇవాళ 4 గంటలకు మీకు ఫోను చేసి మాట్లాడతారు.

మంగళవారం సాయంత్రం లారీ కదిలినా కదలకపోయినా 7 గంటలకు నేను రాస్తాను."

వరస గమనించండి. రాయి ముందు, కారణం తర్వాత. అతనికి కావలసింది ముందు వస్తే కారణాన్ని ఓపిగ్గా చదువుతాడు. కారణం ముందొస్తే సాకులా వినిపిస్తుంది. క్షమాపణ ఒక్కచోటే, ఏ తప్పుకో పేరు పెట్టి ఉంది. నమూనా పలకల మాట వల్ల ఇంకో లాభముంది: చుక్క కలవకపోతే ఆ సంగతి 280 పలకలు కోయక ముందే, ఆదివారమే తెలుస్తుంది. చివరి వాక్యంలోని "కదలకపోయినా" అన్న మాటను కుర్రాడు కొట్టేయబోయాడు. నేనే ఉంచమన్నాను. చెప్పకపోవడమే కదా వాళ్ల రెండో ప్రశ్న, దానికి అసలు జవాబు అదే.

నాలుగున్నరకు జవాబొచ్చింది: "సరే. లారీ నంబరు పంపండి." పొంగిపోయి ధన్యవాదాల మెయిలు రాయబోయిన కుర్రాణ్ణి ఆపాను. అడిగింది లారీ నంబరు, అదే పంపమన్నాను.

ఈ వారం అభ్యాసం. మీది నెల్లూరులో అట్టపెట్టెలు చేసే చిన్న ఫ్యాక్టరీ. కొనేది ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. గురువారం 6,000 పెట్టెలు ఇస్తామన్నారు, శుక్రవారం ఉదయానికి తయారైనవి 2,500. మిగతావాటికి కాగితం రీళ్లు ఇంకా దారిలో ఉన్నాయి. మెయిలు రెండు ముక్కలు: "సరుకు కోల్డ్ స్టోరేజీలో పేరుకుపోతోంది. సోమవారం కంటైనరు లోడింగు. మీ వల్ల అది తప్పితే ఏం చేస్తారో చెప్పండి." మొదటి మెయిలు అరగంటలో రాయండి. రెండోది రాసే ముందు, రీళ్లు ఎక్కడున్నాయో ఎవరిని ఏ ప్రశ్న అడుగుతారో ఒక కాగితం మీద పెట్టండి. వచ్చే పాఠంలో ముందు ఆ కాగితమే చూద్దాం.