మూడు మందుల షాపులకు లాయల్టీ పథకం ఎలా తయారు చేయాలి?

అమలాపురం, రాజోలు, రావులపాలెంలో ఒకే యజమానికి మూడు మెడికల్ షాపులు ఉన్నాయనుకుందాం. ఎదురు షాపులో '10 శాతం తగ్గింపు' బోర్డు కనబడగానే మనమూ పెట్టేద్దామనిపిస్తుంది. ముందు లెక్క వేయండి. ధరల నియంత్రణలో ఉన్న మందులకు 2013 నాటి ఉత్తర్వు రిటైలరుకిచ్చే మార్జిన్ కొన్న ధర మీద 16 శాతం. మిగతావాటికి వ్యాపారంలో వాడుక 20 శాతం దాకా. లెక్క కోసం బిల్లులో సగటున 18 శాతం అనుకుంటే, 1,200 రూపాయల బిల్లు మీద మనకు మిగిలేది 216. పది శాతం తగ్గిస్తే 96 మిగులుతుంది. అద్దె, ఫార్మసిస్టు జీతం అందులోంచే. పాత మిగులు రావాలంటే అమ్మకాలు రెండుంపావు రెట్లు కావాలి.

అందుకే బహుమతిని ఒక్క పనికే ఇవ్వమంటాను: బీపీ, షుగర్, థైరాయిడ్ బిళ్లలు వాడేవాళ్లు అవి అయిపోయే వేళకు మళ్లీ రావడానికి. దీనివల్ల షాపుకీ మేలు, మనిషికీ మేలు.

1. పాత బిల్లులు చూడండి

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి గత ఏడాది ఈ మందులు కొన్నవాళ్ల జాబితా తీసి, ఒక్కొక్కరు ఎన్ని నెలలు రాలేదో చూడండి. నెలకు 1,200 రూపాయల మందులు కొంటూ మూడు నెలలు రాని మనిషి వల్ల ఏడాదికి మిగిలింది 1,944 రూపాయలు. నెలకు రెండు శాతం, అంటే 24 రూపాయల పాయింట్లు ఇచ్చి 12 నెలలూ రప్పిస్తే, బహుమతి పోను 2,304 మిగులుతుంది. కానీ ఆ మనిషి మామూలుగానే 11 నెలలు వచ్చేవాడైతే మనకు నష్టమే. మొత్తమ్మీద సగటు ఖాళీ నెలన్నర కన్నా తక్కువ ఉంటే ఈ పథకం మొదలుపెట్టొద్దు.

2. గడువును బిళ్లలతో లెక్కపెట్టండి

నెల లెక్క ఇక్కడ పనికిరాదు. కూలి డబ్బులు వచ్చిన రోజు ఒక్క షీటే కొనేవాళ్లున్నారు, చెరువు పట్టుబడి డబ్బు చేతికొచ్చాక మూడు నెలలకు సరిపడా తీసుకునేవాళ్లూ ఉన్నారు. కొన్న బిళ్లలను రోజువారీ మోతాదుతో భాగించండి. రోజుకు రెండు చొప్పున 30 బిళ్లలైతే 15 రోజులు. ఆ రోజుకు ఐదు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత వరకు వస్తే పాయింట్లు ఇవ్వండి. ఒక్క షీటు కొన్నా ఇదే లెక్క వర్తించాలి. లేకపోతే పథకం డబ్బున్నవాళ్లదే అవుతుంది.

గోదావరికి వరద వచ్చే జులై, ఆగస్టుల్లో లంక గ్రామాలవాళ్లకు ఈ గడువును 15 రోజుల ముందే తెరవండి. నీళ్లు చుట్టుముట్టాక ఇంట్లో బిళ్లలు లేకపోవడం ప్రాణం మీదకు తెచ్చే విషయం.

3. ఇంటికి ఒక ఖాతా, మనిషికి ఒక మందుల జాబితా

కోనసీమలో చాలా ఇళ్లలో డబ్బు పంపేది గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లలు, మందులు వాడేది ఇక్కడున్న అమ్మానాన్నలు. ఫోన్ నంబరు ఒకటే ఉన్నా, దాని కింద ఇద్దరి మందులూ విడివిడిగా ఉండాలి. కలిపేస్తే గడువు లెక్క తప్పుతుంది. ఖాతా మూడు షాపుల్లోనూ కనబడాలి.

గుర్తుచేసే మెసేజ్ ఎవరికి పంపాలో మందులు వాడే మనిషినే అడగండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి తీసుకోమంటుంది, వద్దన్నప్పుడు ఆపేయమంటుంది. మెసేజ్‌లో మందు పేరు రాయకండి. 'మీ మందులు గురువారంతో అయిపోతాయి' అంటే చాలు. ఒకరి జబ్బు ఇంకొకరి ఫోన్‌లో బయటపడకూడదు.

4. పాయింట్లు లేనివి

యాంటీబయోటిక్స్, దగ్గు సిరప్‌లు, నొప్పి బిళ్లలు, నిద్రమాత్రలకు ఒక్క పాయింటు కూడా వద్దు. అక్కడ పాయింటు పెడితే అవసరం లేని అమ్మకాన్ని మనమే ఎగదోసినట్టు. చీటీ పంపే డాక్టర్లకూ ఆర్ఎంపీలకూ ఈ పథకంలో చోటు ఉండకూడదు. పాయింట్లను గ్లూకోమీటర్ స్ట్రిప్స్, డైపర్ల వంటి వాటి మీద వాడుకోనివ్వండి.

కౌంటర్ దగ్గర జరిగే మోసం ఒకటుంది. ఖాతా లేనివాళ్ల బిల్లుకు సిబ్బంది తమ సొంత నంబరు కొట్టేస్తారు. ఒకే నంబరు మీద ఒకే రోజు సంబంధం లేని నాలుగైదు బిల్లులు కనబడితే అదే. పాయింట్లు డాక్టరు చీటీతో నమోదైన జాబితాలోని మందులకే పడేలా సెట్ చేస్తే ఇది చాలావరకు ఆగుతుంది.

5. ఒక షాపులో పెట్టి చూడండి

రావులపాలెంలో మొదలుపెట్టి, రాజోలును ఆరు నెలలు పాత పద్ధతిలోనే నడపండి. కోతలు, పండగలు రెండు చోట్లా ఒకేలా ఉంటాయి కాబట్టి పోలిక కుదురుతుంది. ఎన్ని పాయింట్లు పంచామన్నది వదిలేసి, గడువులోపు వచ్చినవాళ్లు నూటికి ఎందరో రెండు షాపుల్లోనూ చూడండి. రావులపాలెంలో అది పెరిగి, రాజోలులో అలాగే ఉంటేనే అమలాపురానికి తీసుకెళ్లండి. రెండు చోట్లా ఒకేలా పెరిగితే కారణం పథకం కాదు, ఇంకేదో.