స్థూపం లెక్క చేసే ముందు: అనంతం దగ్గర సున్నా పెట్టకండి

మొన్న అభ్యాస పరీక్ష పేపర్లు దిద్దుతుంటే గుండె జారిపోయింది. ఏకరీతి విద్యుత్ క్షేత్రం E0 కి అడ్డంగా పొడవాటి వాహక స్థూపం, బయట పొటెన్షియల్ కనుక్కోవాలి. పేపరు తర్వాత పేపరులో అదే వాక్యం: "r → ∞ అయితే V = 0". అసలు పరీక్ష దగ్గరపడింది. లాప్లాస్ సమీకరణాన్ని విడగొట్టడం మీకు వచ్చు, దాని జోలికి నేను పోను. ఆ ఒక్క వాక్యం గురించే చెబుతాను.

ఒక పేపరులో జరిగింది చూడండి. క్షేత్రం దిశ నుంచి θ కొలిచారు కాబట్టి సైన్ పదాలు ఉండవు. సాధారణ పరిష్కారం వరకు చక్కగా వచ్చింది:

```
V = A0 + B0 ln r + Σ (An r^n + Bn r^-n) cos nθ
```

ఆ తర్వాత అనంతం దగ్గర V = 0 అని రాసి, r^n పదాలన్నీ కొట్టేశారు. ఉపరితలం మీద, అంటే r = a దగ్గర, V = 0 పెట్టేసరికి Bn అన్నీ సున్నా అయ్యాయి. ఇక మిగిలిందేమీ లేదు. అంతటా V = 0, అంటే క్షేత్రమే లేదు! లెక్కలో ఇచ్చిన E0 ఎక్కడా వాడలేదన్న సంగతి అప్పుడైనా తట్టాలి. తట్టలేదు. చివర బట్టీపట్టిన జవాబు అతికించారు. పై వరుసకూ కింది వరుసకూ పొంతన లేదు.

ఈ అలవాటు బిందు ఆవేశం లెక్కల నుంచి వస్తుంది. అక్కడ ఆవేశం ఒకచోటే ఉంటుంది, దూరం పోతే పొటెన్షియల్ తగ్గిపోతుంది. ఇక్కడ స్థూపానికి ఎంత దూరం పోయినా E0 అలాగే ఉంటుంది. కాబట్టి అక్కడ పొటెన్షియల్ సున్నాకి పోదు, దాని పరిమాణం దూరంతో పెరుగుతూనే ఉంటుంది. అనంతం దగ్గర నిబంధన ఇదీ:

```
r → ∞ :  V → -E0 r cosθ
```

అంటే A1 = -E0, n = 2 నుంచి పైన An అన్నీ సున్నా. Bn గురించి అనంతం ఏమీ చెప్పదు, ఎందుకంటే ఆ పదాలు అక్కడ వాటంతటవే కరిగిపోతాయి. వాటిని తేల్చేది ఉపరితలం. r = a దగ్గర -E0 a + B1/a = 0 కాబట్టి B1 = E0 a². మిగతా Bn సున్నా.

```
V = -E0 (r - a²/r) cosθ
```

ఇక్కడ సున్నా పొటెన్షియల్ స్థూపానిది. అది మనం ఎంచుకున్నది. అనంతానిది కాదు.

సరిచూసుకోవడానికి క్షేత్రం తీయండి. ఉపరితలం మీద Er = 2 E0 cosθ, Eθ = 0 రావాలి. Eθ సున్నా కాకపోతే వాహకం అన్న మాటకే అర్థం లేదు. ఆవేశ సాంద్రత 2 ε0 E0 cosθ: ముందు వైపు, అంటే θ = 0 వైపు, ధనం, వెనక వైపు ఋణం, మొత్తం కలిపితే సున్నా.

ఆ 2 అనే గుణకంలో a లేదు, గమనించండి. సన్న తీగ అయినా లావు గొట్టం అయినా ఎదురుగా ఉన్న గీత మీద క్షేత్రం రెండింతలే. గాలి దాదాపు 30 kV/cm దగ్గర తెగుతుంది. E0 = 16 kV/cm అయితే సగమే కదా అనిపిస్తుంది, కానీ స్థూపం ముందు 32 అవుతుంది. వ్యాసార్ధం మార్చేది ఆ పెరుగుదల ఎంత దూరం పాకుతుందన్నదే: ముందువైపు r = 3a దగ్గర పెరుగుదల తొమ్మిదో వంతు, r = 10a దగ్గర నూరో వంతు.

ఇక మిగతావి.

B0 ln r ని అనంతం పేరు చెప్పి కొట్టేయకండి. అది r కన్నా నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి అనంతం దానికి అడ్డు చెప్పదు. స్థూపం మీద నికర ఆవేశం లేదు కాబట్టే పోతుంది. ఆ కారణం రాయండి.

మీటరు పొడవుకి λ ఆవేశం ఇస్తే ఆ పదం తిరిగి వస్తుంది: -(λ / 2π ε0) ln(r/a) కలపండి.

గోళం సూత్రం తేకండి. a³/r² గోళానిది, 3 E0 కూడా గోళానిదే.

θ ఎక్కడి నుంచి కొలిచారో బొమ్మ మీద గుర్తు పెట్టండి.

స్థూపం కొసల దగ్గర ఈ జవాబు వాడకండి. పొడవు వ్యాసార్ధం కన్నా చాలా ఎక్కువ ఉండాలి, చూసే చోటు కొసలకు దూరంగా ఉండాలి.

క్షేత్రం అక్షం వెంట ఉంటే ఇది ఆ లెక్కే కాదు.

స్థూపం లోపల ఈ సూత్రం పెట్టకండి. అక్కడ V = 0, అంతే.

అనంతం దగ్గర సున్నా రాయబోతున్నారా? పెన్ను ఆపండి. E0 ఎక్కడికి పోయిందో చూసుకుని అప్పుడు రాయండి.