ఫోను పాఠాలు – 6: ముఖాల గుంపులు ఆపడం, దాచిన ముఖ నమూనాలు చెరిపివేయడం

గత పాఠంలో ఫొటో వెంట వెళ్లే చోటు వివరాలను తీసేశాం. ఈసారి ముఖాల వంతు. ఆండ్రాయిడ్ ఫోనులోని గూగుల్ ఫొటోస్‌తోనే ఈ పాఠం.

నర్సంపేట నుంచి మా చిన్నమ్మ హనుమకొండకు వచ్చినప్పుడు మేడారం ఫొటోలు చూపించమని ఫోను నా చేతికిచ్చింది. వెతుకుదామని చూస్తే ఆప్‌లో వరుసగా గుండ్రటి ముఖాలు. సగం మావాళ్లవే. మిగిలినవి జాతరలో మా వెనక నిలబడినవాళ్లవి, బెల్లం తూచే దగ్గర చిక్కుకున్న మరెవరో పిల్లలవి. "వీళ్లెవరు బిడ్డా, నా ఫోనులో?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

ఆప్ ముందు ఫొటోలో ముఖం ఉందా అని చూస్తుంది. ఉంటే దాని పోలికలను లెక్కగట్టి ఒక నమూనాగా రాసుకుంటుంది. నమూనాలు దగ్గరగా ఉన్న ఫొటోలను ఒక గుంపులో వేస్తుంది. ఆ గుంపుకు "అమ్మ" అనో "పెద్దోడు" అనో పేరు పెట్టేది మనం. అంటే ఫొటో, నమూనా, పేరు వేర్వేరు వస్తువులు. చాలామంది పొరబడేది ఇక్కడే. ముఖాన్ని దాచమంటే గుండ్రటి బొమ్మ కనబడకుండా పోతుంది, గుంపు మాత్రం అలాగే ఉంటుంది. పేరు తీసేస్తే పేరొక్కటే పోతుంది. చిన్నమ్మ కొడుకు అంతకుముందే ఓపికగా ఒక్కొక్క ముఖాన్నీ దాచిపెట్టాడట. అంత శ్రమా వృథా.

నమూనాలను తుడిచే మీట వేరే ఉంటుందేమోనని వెతకకండి. గుంపులు కట్టడాన్ని ఆపే మీటే ఆ పనీ చేస్తుంది. దాన్ని ఆపితే ఆ ఖాతాలోని గుంపులు, వాటికోసం తయారైన నమూనాలు, మీరు పెట్టిన పేర్లు మూడూ చెరిగిపోతాయి. ఫొటోలు ఒక్కటీ పోవు. తర్వాత మనసు మారి మళ్లీ తెరిస్తే గుంపులు కొత్తగా కట్టుకుంటుంది కానీ, పాత పేర్లు తిరిగి రావు. అవసరమైన పేర్లుంటే ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఒకరి ముఖాన్ని బట్టి తనంతట తానే నిండే ఆల్బం ఏదైనా ఉంటే, ఇకమీదట కొత్త ఫొటోలను అందులో మీరే చేర్చుకోవాలి.

ఇక పని. ఆప్ తెరిచి కుడివైపు పైమూలనున్న మీ బొమ్మను తాకండి. `Photos settings`, తర్వాత `Privacy`, అందులో `Face Groups`. కొన్ని చోట్ల ఇదే `Group similar faces` అని కనిపిస్తుంది. మీటను ఆపగానే ఏమేమి చెరిగిపోతాయో చెబుతూ ఒక హెచ్చరిక వస్తుంది. చదివి ఒప్పుకోండి.

చిన్నమ్మ ఫోనులో ఇదంతా చేశాను. మరునాడు చూస్తే ముఖాలు మళ్లీ వరుసగా ఉన్నాయి! ఆప్‌ను తప్పుపట్టబోయి, పైమూలన బొమ్మ చూసి ఆగాను. అది చిన్నమ్మది కాదు, ఆ ఫోను ముందు వాడిన కొడుకుది. ఫోనులో రెండు ఖాతాలున్నాయి. ఈ మీట ఫోనుది కాదు, ఖాతాది. నేను ఒక ఖాతాలో ఆపి మరో ఖాతాను చూస్తున్నాను. కొడుకును అడిగి, ఆ ఖాతాకు మారి, అవే మెట్లు మళ్లీ ఎక్కాక వరుస మాయమైంది. ఫోనులో ఎన్ని ఖాతాలుంటే అన్నిసార్లు ఈ పని చేయాలి.

పని అయిందో లేదో రెండు విధాలుగా చూడండి. ముఖాల వరుస ఉండకూడదు. ఇంతకుముందు పెట్టిన పేరుతో వెతికితే ఆ మనిషి గుంపు రాకూడదు. ఒకవేళ ఫొటోలు వస్తే కంగారు వద్దు. ఆ పేరు ఏదైనా ఆల్బం శీర్షికలోనో, ఫొటో కింద రాసిన వివరణలోనో ఉందేమో చూడండి. అక్కడి మాటల జోలికి ఈ మీట వెళ్లదు.

మీ ఖాతాలో ఆపితే మీ ఆడపడుచు ఖాతాలో మీ ముఖం గుంపు పోదు. పెళ్లి ఫొటోలు ఆమె దగ్గరా ఉంటాయి కదా, అక్కడ ఆమే ఆపుకోవాలి. ఫోను తయారీదారు ఇచ్చిన గ్యాలరీ ఆప్ కూడా ముఖాలను విడిగా గుర్తుపడుతుండవచ్చు. దాని సెట్టింగులు వేరు.

చివరగా పాత కాపీల సంగతి. ఎప్పుడైనా గూగుల్ టేకౌట్‌తో ఫొటోలు దించుకుని హార్డ్‌డిస్కులో పెట్టారా? ఫొటోతో పాటు వచ్చే `.json` ఫైలును తెరిస్తే ఇలాంటి వరుస దొరకవచ్చు:

```
"people": [{
  "name": "అమ్మ"
}]
```

ఇందులో నమూనా ఉండదు, మీరు పెట్టిన పేరు మాత్రమే ఉంటుంది. ఖాతాలో మీట ఆపినా ఈ ఫైలు మారదు. ఆ డిస్కును స్టూడియోవాళ్లకో మరొకరికో ఇచ్చేముందు ఫొటోలను మాత్రం ఉంచి, ఈ ఫైళ్లను తీసేయండి.