మాక్ టెస్టు తప్పులను నోట్‌బుక్‌లో ఎలా రాయాలి, ఎప్పుడెప్పుడు తిరగేయాలి?

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో నా పక్క కుర్చీలో చదువుకునే తమ్ముడు ఒకరోజు ఫోన్ నా ముందు పెట్టాడు. "అన్నా, పదిహేను మాక్‌లు రాశాను. స్కోరు 104 దగ్గరే ఆగిపోయింది" అన్నాడు. అతను రాసేది ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టియర్-1. 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత.

82 ప్రశ్నలు పెడితే 58 సరైనవి, 24 తప్పులు. ఆ 24నీ ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటిగా విప్పాం. నిజంగా తెలియనివి 7, గుడ్డిగా పెట్టినవి 6. మిగిలిన 11 తెలిసీ తప్పినవి. తెలిసిన ప్రశ్న తప్పితే రావలసిన 2 పోతాయి, పైన అర మార్కు కోత. అంటే 11 ప్రశ్నల్లో 27.5 మార్కులు. అవి నిలబడి ఉంటే అతని స్కోరు 131.5. కొత్తగా ఒక్క చాప్టర్ కూడా చదవక్కర్లేదు.

1. మాక్ రాస్తున్నప్పుడే గుర్తు పెట్టుకోండి

అనుమానంతో పెట్టిన ప్రతి ప్రశ్న నంబరు రఫ్ పేపర్ మీద రాసి సున్నా చుట్టండి. సబ్మిట్ కొట్టాక ఏది తెలిసి పెట్టామో, ఏది ఊహించి పెట్టామో గుర్తుండదు. ఊహించి పెడితే సరైపోయినవి కూడా నోట్‌బుక్‌లోకి రావాలి. రెండు నిమిషాలు దాటి సమయం తిన్నవీ అంతే.

2. అదే రోజు తప్పుకు కారణం రాయండి

చాలామంది ఇక్కడ "కేర్‌లెస్ మిస్టేక్" అని రాసి వదిలేస్తారు. ఆ మాట వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే దాన్ని చూసి రేపు ఏం మార్చుకోవాలో తెలియదు. తమ్ముడి నోట్‌బుక్‌లోదే ఒకటి చూడండి. కొన్న వెల మీద 40 శాతం పెంచి ధర వేశారు, దాని మీద 25 శాతం డిస్కౌంట్ ఇచ్చారు, లాభం ఎంత? 40లోంచి 25 తీసేసి 15 అని పెట్టాడు. ఆప్షన్లలో 15 ఉంది కూడా. పేపర్ తయారుచేసేవాళ్లు మనం ఎక్కడ జారతామో చూసే ఆప్షన్లు ఇస్తారు. 100 రూపాయల వస్తువు 140 అవుతుంది. 140లో నాలుగో వంతు 35 పోతే 105 మిగులుతుంది. లాభం 5 శాతమే.

మొదట "తొందరలో తప్పింది" అని రాశాడు. కొట్టేయించాను. "డిస్కౌంట్‌ను వేసిన ధర మీద కాకుండా కొన్న వెల మీద తీశాను. శాతం కనిపిస్తే ముందు దేని మీద అని అడగాలి" అని రాయించాను. అలా రాశాక చూస్తే ఆ 11లో నాలుగు ఇదే జబ్బు.

3. మూడు తేదీలు వేయండి

ప్రతి తప్పు పక్కన 2 రోజుల తర్వాతది, 7 రోజుల తర్వాతది, 21 రోజుల తర్వాతది, ఇలా మూడు తేదీలు వేయండి. ఆ రోజు వచ్చినప్పుడు జవాబు చేత్తో మూసి, తెల్ల కాగితం మీద మళ్లీ చేయండి. చదివితే చాలదు. పరిష్కారం కళ్ల ముందుంటే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది.

రెండోసారికి జవాబు కంఠతా వచ్చేస్తుంది కాబట్టి అంకెలు మార్చండి. 60 శాతం పెంపు, 30 శాతం డిస్కౌంట్ అనుకోండి. 160లో 48 పోతే 112, లాభం 12 శాతం. జనరల్ అవేర్‌నెస్‌లో మార్చడానికి అంకెలుండవు, అక్కడ పక్క ప్రశ్న వేసుకోండి. రిట్లకు సుప్రీంకోర్టు అధికరణం 32 తప్పితే, తర్వాతిసారి హైకోర్టుది అడగండి: 226. మళ్లీ తప్పిందా, ఆ ప్రశ్నకు తేదీలు మొదటి నుంచి మొదలు.

4. మాక్‌ల సంఖ్య నోట్‌బుక్‌ను బట్టి పెట్టుకోండి

అశోక్‌నగర్ హాస్టళ్లలో రోజుకో మాక్ రాసేవాళ్లున్నారు. లెక్క చూడండి. మాక్‌కు 20 తప్పులు, ఒక్కోటి మూడుసార్లు, సారికి రెండు నిమిషాలు అంటే ఒక్క మాక్ రెండు గంటల రివిజన్ వెంట తెస్తుంది. రోజుకొకటి రాస్తే వారానికి 14 గంటలు. అది ఎవరికీ సాగదు, తేదీలు దాటిపోతాయి. వారానికి రెండు రాస్తే నాలుగు గంటలతో సరిపోతుంది. తేదీ దాటిన ప్రశ్నలు పదికి మించి పోగుపడితే, అవి తీరేదాకా కొత్త మాక్ ఆపండి.

5. స్కోరు కంటే ముందు ఇది చూడండి

ఒక మాక్ తేలిగ్గా ఉంటుంది, ఇంకోటి కఠినంగా ఉంటుంది. స్కోరు పది మార్కులు అటూ ఇటూ అయితే టెన్షన్ పడొద్దు. పాత కారణం ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్కపెట్టండి. తమ్ముడికి "దేని మీద శాతం" తప్పు నాలుగు నుంచి నాలుగో మాక్‌కు ఒకటికి వచ్చింది. తగ్గకపోతే మీరు రాసిన కారణం తప్పు అన్నమాట. పేజీ తీసి ఆ వాక్యం మళ్లీ రాయండి.

పరీక్షకు ముందు చివరి మూడు రోజులు మాక్ వద్దు. మూడో తేదీన కూడా తప్పిన ప్రశ్నలు విడిగా ఒక పేజీలో ఉంచుకుని, అవే చేయండి.