ఏసీ కంప్రెసర్ స్టార్ట్ కెపాసిటర్‌ను మల్టీమీటర్‌తో చెక్ చేయడం ఎలా?

ఎండాకాలం సాయంత్రం దేవరకొండ, అచ్చంపేట వైపు వోల్టేజీ పడిపోయిందంటే ఏసీ కంప్రెసర్ ‘హుమ్’మని మూలిగి ఆగిపోతుంటుంది. ముందుగా స్టెబిలైజర్ నుంచి ఎంత వోల్టేజీ వస్తోందో చూడండి. అది సరిగానే ఉంటే తర్వాతి అనుమానం స్టార్ట్ కెపాసిటర్ మీదే. నల్ల ప్లాస్టిక్‌తో గుండ్రంగా, సింగిల్ ఫేజ్ బోరు మోటారు డబ్బాలో కనిపించే లాంటిదే ఇది. వెండిరంగు లోహపు డబ్బాలా ఉండేది రన్ కెపాసిటర్, చాలా స్ప్లిట్ ఏసీల్లో అదొక్కటే ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, దాని బోర్డు జోలికి పోకండి.

ఎంసీబీ దించి, ప్లగ్గు కూడా పీకేయండి. మీటర్‌ను ఏసీ 600 వోల్టులు లేదా అంతకు పై రేంజిలో పెట్టి, కరెంటున్న సాకెట్‌లో ఒకసారి చూసి, తర్వాత అవుట్‌డోర్ టెర్మినళ్ల మీద పెట్టండి. సున్నా చూపాలి. వైర్లు ఊడదీసే ముందు ఫొటో తీసుకోండి.

కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించడం మనవాళ్లకు అలవాటే గానీ, దానివల్ల టెర్మినల్ కాలుతుంది, నిప్పురవ్వ కంట్లో పడొచ్చు. 20 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్ రెండు కాళ్లకూ తొడుగున్న క్రొకడైల్ క్లిప్పులు బిగించి, టెర్మినళ్ల మధ్య 15 సెకన్లు ఉంచండి. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఖాళీ కావడానికి పది సెకన్లు చాలు, మిగతా ఐదు జాగ్రత్త కోసం. తర్వాత డీసీ వోల్టుల్లో చూడండి, రెండు వోల్టుల కంటే ఎక్కువుంటే మళ్లీ పెట్టండి.

ఇప్పుడు వైర్లు విప్పండి. టెర్మినళ్ల మీద చిన్న రెసిస్టర్ టాంకా వేసి ఉంటే దాని ఒక కాలు విడదీయాలి, లేదంటే రీడింగ్ తప్పుతుంది. మీటర్‌ను మైక్రోఫారడ్ రేంజిలో పెట్టండి. లేబుల్ మీద 88-106 అని ఉందనుకుందాం. 97 వస్తే మంచిదే. 61 వస్తే మూత ఉబ్బకపోయినా మార్చాల్సిందే. ఆ బలంతో కంప్రెసర్ తిరగదు.

చౌక మీటర్లలో కొన్నిటికి ఈ రేంజి ఉండదు, కొన్నిటికి 20 మైక్రోఫారడ్ల దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు 200 కిలోఓమ్ రేంజిలో పెట్టండి. అంకె కింది నుంచి మెల్లగా ఎక్కి OL లేదా 1 దగ్గర ఆగితే ప్రాణం ఉన్నట్టు. సున్నా దగ్గరే ఉండిపోతే లోపల షార్ట్, మొదటి నుంచే OL చూపితే ఓపెన్. అయితే ఈ పరీక్షలో 97, 61 రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కొత్తది వేసిన కొద్దిరోజులకే మళ్లీ ఉబ్బిందా? ఈ కెపాసిటర్ కరెంటులో ఉండాల్సింది సెకను లోపే, రిలే దాన్ని తప్పించాలి. పొటెన్షియల్ రిలే విప్పి 2, 5 టెర్మినళ్ల మధ్య చూడండి. కొన్ని వేల ఓములు రావాలి. OL వస్తే కాయిల్ తెగింది. 1, 2 మధ్య మామూలుగానే సున్నా వస్తుంది కాబట్టి, కాంటాక్ట్ అతుక్కుపోయినా మీటర్‌కు దొరకదు. అందుకే ఉబ్బిన కెపాసిటర్‌తో పాటు రిలేనూ మార్చేయండి.